3 టన్నుల ఫోర్క్‌లిఫ్ట్: డీజిలా, గ్యాసా, బ్యాటరీనా? షిఫ్టుకి ఎంత పడుతుందో లెక్క చెప్పండి

మేడ్చల్_గోడౌన్:
అందరికీ నమస్కారం. మేడ్చల్ దగ్గర మాకు 30 వేల చదరపు అడుగుల గోడౌన్ ఉంది. సబ్బులు, బిస్కెట్లు, నూనె డబ్బాలు లాంటి సరుకు, అంతా ప్యాలెట్ల మీదే వస్తుంది. ఇప్పుడున్నది పాత 3 టన్నుల డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్, పొగ ఎక్కువైంది, పార్టీలు సరుకు చూడ్డానికి వచ్చినప్పుడు అట్టపెట్టెల మీద నల్లటి మసి కనిపించి మాటలు పడాల్సి వస్తోంది. ఏడాదంతా ఒకటే షిఫ్టు, దసరా నుంచి దీపావళి దాకా మాత్రం రెండు షిఫ్టులు. మా ఓనర్ బ్యాటరీది వద్దంటున్నాడు, గ్యాస్ బండి చవక అని ఎవరో చెప్పారట. రోజుకి డీజిల్ 16 లీటర్లు పోయిస్తున్నాం. మూడింట్లో షిఫ్టుకి ఏది తక్కువ పడుతుంది? కంపెనీ వాళ్లు ఇచ్చే చార్టులు నమ్మబుద్ధి కావట్లేదు, వాడేవాళ్లు చెప్పండి.

శ్రీను_వైజాగ్:
బ్రో నేను కారుకి గ్యాస్ కిట్ పెట్టించి నాలుగేళ్లయింది, పెట్రోల్‌తో పోలిస్తే సగం ఖర్చు. కళ్లు మూసుకుని గ్యాస్‌కి వెళ్లిపోండి.

రమణ_సర్వీస్:
శ్రీనూ, నీ కారు పెట్రోల్ బండి, ఆయనది డీజిల్ బండి, ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. ఫోర్క్‌లిఫ్ట్‌లో గ్యాస్ ఇంజనంటే పెట్రోల్ ఇంజన్ లాగా స్పార్క్ ప్లగ్‌తో నడిచేదే, అదే పనికి డీజిల్ కంటే ఎక్కువ వేడిని మింగేస్తుంది.

గోడౌన్ గారూ, నేను ఫోర్క్‌లిఫ్టుల సర్వీసులో 22 ఏళ్లుగా ఉన్నా. లెక్క మొదలుపెట్టే ముందు ఒక్కటి అడుగుతా. మీ బండి అవర్ మీటర్ షిఫ్టులో ఎన్ని గంటలు తిరుగుతోంది? షిఫ్టు ఎనిమిది గంటలే కానీ ఇంజన్ ఎనిమిది గంటలూ నడవదు. లారీ రావాలి, కాగితాలు చూడాలి, భోజనాలు, టీలు. ఒక షిఫ్టు గోడౌన్లలో నేను చూసేది నాలుగు నుంచి ఐదు గంటలు. మీకు నాలుగున్నర అనుకుంటే 16 లీటర్లంటే గంటకి మూడున్నర లీటర్లు దాటుతోంది. టన్ను ప్యాలెట్లు మోసే 3 టన్నుల బండి మంచి కండిషన్‌లో ఉంటే గంటకి రెండున్నర నుంచి మూడు మధ్య తాగాలి. అంటే ఇంజెక్టర్లు పోయి ఉండాలి, లేదా డీజిల్ ట్యాంకు దాకా చేరకుండానే ఎక్కడికో పోతూ ఉండాలి. తప్పుగా అనుకోకండి, రెండూ చూశాను కాబట్టి చెబుతున్నా.

వారం రోజులు ఇలా చేయండి. పొద్దున ట్యాంకు మూతి దాకా నింపించి మీటర్ రాసుకోండి, మర్నాడు అదే చోట బండి నిలబెట్టి మళ్లీ మూతి దాకా నింపండి. పట్టిన లీటర్లను మీటర్ గంటలతో భాగించండి. నింపేటప్పుడు మీరే దగ్గరుండండి.

మేడ్చల్_గోడౌన్:
సరే అన్నా, సోమవారం నుంచి రాస్తా. మా డ్రైవరు మంచివాడే, పదేళ్లుగా ఉన్నాడు. చూద్దాం.

గుంటూరు_కోల్డ్:
మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. మేం మూడేళ్ల కిందటే బ్యాటరీ బండ్లకి మారిపోయాం, మిర్చికి డీజిల్ వాసన పడితే రైతు ఊరుకోడు, ధర కోసేస్తారు. ఖర్చు లెక్క మేం పెద్దగా వేయలేదు, కరెంటు బిల్లు కంప్రెసర్లతో కలిసే వస్తుంది, అందులో ఇదెంతో తెలియదు కూడా. కానీ ఒక మాట, గ్యాస్ బండి పొగ రాదు కాబట్టి లోపల నడపొచ్చు, ఆరోగ్యానికి ఇబ్బంది లేదు, ఆ లెక్కన మీ ఓనర్ అన్నదాంట్లో న్యాయం ఉంది.

రమణ_సర్వీస్:
సగం మాత్రమే నిజం గుంటూరు గారూ. మసి రాదు, అది ఒప్పుకుంటా. కానీ గాలి-గ్యాస్ పాళ్లు తప్పితే గ్యాస్ ఇంజన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్ డీజిల్ కంటే చాలా ఎక్కువ. అది కంటికి కనపడదు, వాసన రాదు. చలికాలంలో షట్టర్లు సగం దించుకుని పనిచేసే ఒక గోడౌన్‌లో మధ్యాహ్నం మూడింటికల్లా హమాలీలందరికీ తలనొప్పి, ఎండ వల్ల అనుకుంటూ మాత్రలు వేసుకునేవాళ్లు. నేను సైలెన్సర్ దగ్గర పొల్యూషన్ చెక్ చేసే మీటర్ పెట్టిస్తే కార్బన్ మోనాక్సైడ్ 4 శాతం దాటింది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంది, రెగ్యులేటర్ డయాఫ్రమ్ గట్టిపడింది. రెండూ మార్చి, సెట్ చేస్తే ఒక శాతం లోపుకి వచ్చింది. ఆ చెకప్ మూడు నెలలకోసారి చేయించే ఓపిక ఉంటేనే లోపల గ్యాస్ బండి.

శ్రీను_వైజాగ్:
మరి సిలిండర్ మామూలు హోటల్ సిలిండరే పెట్టుకోవచ్చు కదా, 19 కిలోలది. లేకపోతే ఇంటి సిలిండర్ ఇంకా చవక 😀

రమణ_సర్వీస్:
ఇంటి సిలిండర్ మాట ఎత్తకు, బండిలో పెట్టడం నేరం, పట్టుకుంటే బండితో సహా తీసుకెళ్తారు. హోటల్ సిలిండర్ వేరే కారణానికి పనికిరాదు. దాంట్లో పైనుంచి ఆవిరి వస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్‌కి ద్రవం కావాలి, ద్రవంగా వచ్చి ఇంజన్ వేడినీళ్ల దగ్గర ఆవిరవుతుంది. హోటల్ సిలిండర్‌తో గట్టిగా లాగితే సిలిండర్ చల్లబడి బయట మంచు పడుతుంది, ఇంజన్ ఊగుతుంది, బరువెత్తగానే ఆగిపోతుంది. ఫోర్క్‌లిఫ్ట్ సిలిండర్లు వేరే ఉంటాయి, పడుకోబెట్టి బిగిస్తారు, లోపల గొట్టం కిందికి వంగి ఉంటుంది. సిలిండర్ అంచున ఉన్న రంధ్రం బండి మీది పిన్నులో సరిగ్గా కూర్చోవాలి. కుర్రాళ్లు తొందర్లో తిప్పి బిగిస్తే గొట్టం మూతి ద్రవంలో మునగదు, సగం గ్యాస్ మిగిలుండగానే "అయిపోయింది" అని వాపసు పంపేస్తారు. సిలిండర్ తూచి చూస్తేనే తెలుస్తుంది. ఇక మీ ఊళ్లో ఆ రకం సిలిండర్ ఎవరు తెచ్చిస్తారో కనుక్కోకుండా బండి కొంటే ఆ బండి మూల నిలబడుతుంది. నిల్వ 100 కిలోలు దాటితే లైసెన్సు కూడా కావాలి.

లెక్కల_పద్మ:
గోడౌన్ గారూ, నేను ఒక లాజిస్టిక్స్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెబుతా. డీజిల్ జీఎస్టీలో లేదు, కాబట్టి మీరు కట్టింది కట్టినట్టే ఖర్చు. కమర్షియల్ గ్యాస్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది, మీ గోడౌన్ అద్దె మీద మీరు జీఎస్టీ వసూలు చేస్తుంటే అది ఇన్‌పుట్‌గా వెనక్కి వస్తుంది. అంటే 19 కిలోల సిలిండర్ 1,900 అనుకుంటే మీకు పడేది దాదాపు 1,610. కిలో వందకి బదులు 85. చార్టుల్లో ఈ తేడా చూపించరు.

కానీ గుంటూరు గారి లాంటి వాళ్లకి ఇది వర్తించదు. రైతు పంట నిల్వకి జీఎస్టీ మినహాయింపు, అవుట్‌పుట్ మీద పన్ను లేనప్పుడు ఇన్‌పుట్ కూడా రాదు. అదే బండి, అదే సిలిండర్, మేడ్చల్‌లో ఒక ధర, గుంటూరులో ఇంకో ధర.

గుంటూరు_కోల్డ్:
ఇది మా ఆడిటర్ ఎప్పుడూ చెప్పలేదు మేడమ్. అంటే బ్యాటరీ కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ కూడా పోయినట్టేనా?

లెక్కల_పద్మ:
మిర్చి ఒక్కటే నిల్వ చేస్తుంటే అవునండి. వేరే సరుకు కూడా పెడితే ఆ పాలు మేరకు వస్తుంది. మీ ఆడిటర్ గారినే అడగండి, పాళ్ల లెక్క ఆయన వేయాలి.

దమ్మామ్_ఆపరేటర్:
నేను సౌదీలో ఏడేళ్లుగా ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నా, ఊరు జగిత్యాల. మా వేర్‌హౌస్‌లో లోపల అంతా బ్యాటరీయే, బయట యార్డులో డీజిల్. బ్యాటరీ బండి నడపడం హాయి, గేర్లు లేవు, చప్పుడు లేదు. కానీ ఎండాకాలం బ్యాటరీ రూములో ఏసీ పాడైన నెల బ్యాటరీలు వేడెక్కి షిఫ్టు చివరి గంట రావడం మానేశాయి. మన దగ్గర మే నెలలో రేకుల షెడ్డు కింద ఛార్జింగ్ పెడతారు, అది చూసుకోండి అన్నా.

మేడ్చల్_గోడౌన్:
వారం రాసుకొచ్చా. ఆరు రోజుల్లో మీటర్ 27 గంటలు తిరిగింది, అంటే షిఫ్టుకి నాలుగున్నర, రమణ అన్న చెప్పినంతే. పట్టిన డీజిల్ 72 లీటర్లు. రోజుకి 12!! అంటే గంటకి రెండు పాయింట్ ఏడు దాకా. నేను దగ్గర నిలబడ్డ వారం నుంచి 16 కాస్తా 12 అయింది. ఇక దీని గురించి ఇక్కడ ఏం రాయను, ఇంట్లో కూడా చెప్పుకోలేని బాధ ఇది.

ఇప్పుడు లెక్క వేయండి. డీజిల్ 96 అనుకోండి. మా కనెక్షన్ ఎల్‌టీ కమర్షియల్, పై శ్లాబు యూనిట్ 11 పడుతోంది. లోడు 20 కిలోవాట్లు.

రమణ_సర్వీస్:
బాధపడకు తమ్ముడూ, బండి మార్చకుండానే రోజుకి నాలుగు లీటర్లు మిగిలాయి.

లెక్క ఇదిగో. డీజిల్: 12 లీటర్లు, 1,152 రూపాయలు. దానికి సర్వీసు కలపాలి. 250 గంటలకోసారి ఆయిల్, ఫిల్టర్లు, ఇతరత్రా ఆరు వేలు వేసుకుంటే, 250 గంటలంటే నీకు 55 షిఫ్టులు, షిఫ్టుకి 110. మొత్తం 1,260 చిల్లర.

గ్యాస్: ఇదే పనికి గంటకి రెండున్నర కిలోలు, షిఫ్టుకి 11 కిలోల పైచిలుకు. కిలో వంద అనుకుంటే 1,125, పద్మ గారి లెక్కలో జీఎస్టీ వెనక్కొస్తే 955 దాకా. సర్వీసు డీజిల్‌తో సమానం, ప్లగ్గులు అదనం. కాబట్టి డీజిల్ కంటే కొంచెం తక్కువ, అంతే. "సగం ఖర్చు" అన్నది ఎక్కడా లేదు. పైగా కమర్షియల్ సిలిండర్ ధర ప్రతి నెల ఒకటో తారీఖున మారుతుంది, ఈ తేడా ఒక్క నెలలో తిరగబడొచ్చు.

బ్యాటరీ: 48 వోల్టుల 600 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ అంటే నిండా 29 యూనిట్లు. అందులో 80 శాతమే వాడాలి, 23. అంత వాడితే గోడ నుంచి లాగేది 32 యూనిట్లు, మిగతా తొమ్మిది ఛార్జర్‌లో, బ్యాటరీ వేడిలో పోతాయి. 32 ఇంటూ 11, 352 రూపాయలు. నీ నాలుగున్నర గంటల పనికి ఇది సరిపోతుంది కానీ మిగులు ఏమీ ఉండదు.

మేడ్చల్_గోడౌన్:
1,260 ఎక్కడ, 352 ఎక్కడ! ఇంకేం ఆలోచన?

లెక్కల_పద్మ:
ఆగండి, బ్యాటరీ అరిగిపోవడం కూడా ఖర్చే. మీకు వచ్చిన కొటేషన్‌లో బ్యాటరీ ఎంత?

మేడ్చల్_గోడౌన్:
విడిగా 3 లక్షల 30 వేలు. బండి, బ్యాటరీ, ఛార్జర్ అన్నీ కలిపి 16 లక్షలు. డీజిల్ బండి 12.

లెక్కల_పద్మ:
బ్యాటరీ 1,500 సార్లు ఛార్జింగ్ అవుతుందనుకుంటే షిఫ్టుకి 220. కరెంటుతో కలిపి 572. డీజిల్‌తో తేడా షిఫ్టుకి 690, ఏడాదికి 300 షిఫ్టులు అంటే రెండు లక్షల పైమాటే. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది, బ్యాటరీ అరుగుదల 220 తీసేసి, మళ్లీ "బండి నాలుగు లక్షలు ఎక్కువ" అని కూడా లెక్కేస్తారు. ఆ నాలుగు లక్షల్లో 3.3 బ్యాటరీయే. రెండుసార్లు లెక్కపెట్టొద్దు. డబ్బు ఎప్పుడు తిరిగొస్తుందో చూడాలంటే అరుగుదల వదిలేయండి. షిఫ్టుకి 910 మిగులు, ఏడాదికి 2.7 లక్షలు, నాలుగు లక్షలు ఏడాదిన్నరలో వచ్చేస్తాయి. కానీ ఐదో ఏడు కొత్త బ్యాటరీకి 3.3 పక్కన పెట్టుకోవాలి.

రమణ_సర్వీస్:
పద్మ గారి 1,500 అన్నది సరిగ్గా చూసుకునేవాళ్లకి. నా అనుభవంలో సగం మంది మూడేళ్లలో చంపేస్తారు. ఒకచోట డ్రైవరు రోజూ భోజనం టైములో గంట ఛార్జింగ్ పెట్టేవాడు, మంచి పని చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. లెడ్ యాసిడ్‌కి అలా ముక్కలు ముక్కలుగా పెట్టకూడదు. ఎనిమిది గంటలు ఛార్జింగ్, తర్వాత చల్లబడ్డానికి మరో ఏడెనిమిది గంటలు. వాళ్ల బ్యాటరీ 14 నెలలకే సాయంత్రం నాలుగింటికి పడిపోయేది. హైడ్రోమీటర్ పెట్టి 24 సెల్సూ చూస్తే 23 సెల్సులో యాసిడ్ సాంద్రత 1.270 దాకా ఉంది, ఒక్కదాంట్లో 1.180. ఆ ఒక్క సెల్ మార్చి, నిదానంగా ఎక్కువసేపు ఛార్జ్ చేస్తే మళ్లీ లేచింది. నెలకోసారి ఆ రీడింగులు పుస్తకంలో రాసుంటే నాలుగో నెలలోనే దొరికేది.

ఇంకోటి, నీళ్లు ఛార్జింగ్ అయ్యాకే పోయాలి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది, ఫ్లోరు తినేస్తుంది. డిస్టిల్డ్ వాటరే, బోరు నీళ్లు కాదు.

గుంటూరు_కోల్డ్:
బోరు నీళ్లు పోసినవాళ్లని నేను చూశా. పేరు చెప్పను, అద్దంలో రోజూ కనపడతాడు.

దమ్మామ్_ఆపరేటర్:
😂😂

శ్రీను_వైజాగ్:
లిథియం పెట్టుకుంటే ఈ నీళ్ల గొడవే లేదు కదా. ఇవాళా రేపూ లెడ్ యాసిడ్ ఎవరు కొంటున్నారు?

మేడ్చల్_గోడౌన్:
లిథియం కొటేషన్ 6.5 లక్షలు, బ్యాటరీ ఒక్కటే. దసరా సీజన్‌లో రెండో షిఫ్టు ఉంది కాబట్టి ఓనర్‌కి అదే చెబుదామనుకుంటున్నా.

లెక్కల_పద్మ:
వాళ్లు 3,000 సార్లు వస్తుందంటే షిఫ్టుకి 217, లెడ్ యాసిడ్‌తో సమానమే. కరెంటు ఇంకా తక్కువ, 23 యూనిట్లకి 26 లాగుతుంది. కాగితం మీద లిథియమే గెలుస్తుంది. కానీ మీరు ఏడాదికి 300 సార్లే వాడితే 3,000 అవ్వడానికి పదేళ్లు. పదేళ్ల తర్వాతి పొదుపు కోసం ఇవాళ అదనంగా 3.2 లక్షలు, దాని మీద వడ్డీ. రెండు షిఫ్టులు ఏడాదంతా ఉంటే నేను లిథియమే అనేదాన్ని.

రమణ_సర్వీస్:
నేను ఇక్కడ పద్మ గారితో ఏకీభవించను. నీళ్లు పోసే క్రమశిక్షణ లేని గోడౌన్‌లో లెడ్ యాసిడ్ 1,500 రాదు, 800 వస్తే గొప్ప. అప్పుడు షిఫ్టుకి 220 కాదు, 400 దాటుతుంది. మనిషిని బట్టి లెక్క మారుతుంది. అయితే పాత లెడ్ యాసిడ్ బండిలో లిథియం మార్చాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. ఆ బ్యాటరీ బరువు దాదాపు టన్ను, అదే బండికి వెనక కౌంటర్‌వెయిట్. తేలిక బ్యాటరీ పెట్టి ఇనుప దిమ్మలు వేయకపోతే బరువెత్తినప్పుడు వెనక చక్రాలు లేస్తాయి.

మేడ్చల్_గోడౌన్:
ఇంకో భయం, మా దగ్గర రాత్రిళ్లు కరెంటు పోతుంటుంది. జనరేటర్ ఉంది కదా అని ధైర్యం.

రమణ_సర్వీస్:
జనరేటర్ మీద ఛార్జింగ్ పెడితే ఈ లెక్కంతా గాలికి. లీటరుకి మూడు యూనిట్ల చిల్లర వస్తుంది. 32 యూనిట్లకి దాదాపు పది లీటర్లు, 930 రూపాయలు. దానికంటే డీజిల్ బండి నడుపుకోవడమే నయం, జనరేటర్ చప్పుడైనా తప్పుతుంది. వారానికోసారి గంటా రెండు గంటలు పోతే పర్వాలేదు, ఛార్జర్ మళ్లీ అందుకుంటుంది. రోజూ పోతుంటే ముందు లైన్‌మన్‌ని అడుగు.

నీ లోడు 20 కిలోవాట్లు అన్నావు. ఛార్జర్ ఆరేడు లాగుతుంది. రాత్రి లైట్లు తప్ప ఏమీ లేకపోతే సరిపోతుంది, పగలు స్ట్రాపింగ్ మిషన్లతో కలిపి పెడితే దాటొచ్చు. మీటర్‌లో గరిష్ఠ డిమాండ్ ఎంత నమోదైందో బిల్లులో ఉంటుంది, చూసుకో.

ఇంకో మాట. నీ ప్యాలెట్లు ఎంత బరువు?

మేడ్చల్_గోడౌన్:
నూనె డబ్బాలది ఎక్కువ, 1,100 కిలోలు. మిగతావి 600-700.

రమణ_సర్వీస్:
మరి 3 టన్నులదెందుకు? రెండు టన్నులది చాలు, ఎంత ఎత్తుకి లేపాలో అక్కడ ఎంత మోస్తుందో బండి మీది ప్లేటులో చూసుకుని కొను. చిన్న బండి గంటకి తక్కువ లాగుతుంది, అదే బ్యాటరీ షిఫ్టుకి మిగులుతో వస్తుంది. పాత డీజిల్‌ది అమ్మకు, ఇంజెక్టర్లు చేయించి యార్డుకీ, దసరా రెండో షిఫ్టుకీ ఉంచు. ఏడాదికి ఆ కొన్ని రోజుల కోసం రెండో బ్యాటరీ గానీ లిథియం గానీ కొననక్కర్లేదు.

లెక్కల_పద్మ:
కానీ రెండో షిఫ్టులో మళ్లీ మసి పడుతుంది కదా, అదే సీజన్‌లోనే పార్టీలు ఎక్కువగా వచ్చేది.

రమణ_సర్వీస్:
అదీ నిజమే. రాత్రి షిఫ్టులో లారీ లోడింగు మటుకు డీజిల్, లోపలి పేర్పు మటుకు పగలు బ్యాటరీ. కొంచెం కిందామీదా పడాలి.

మేడ్చల్_గోడౌన్:
ఓనర్‌తో మాట్లాడా. గ్యాస్ మాట వదిలేశాడు, మా డీలరు ఫోర్క్‌లిఫ్ట్ సిలిండర్ తెప్పించాలంటే పదిహేను రోజులు అన్నాడు. రెండు టన్నుల బ్యాటరీ బండికి కొత్త కొటేషన్ అడిగాం. లెడ్ యాసిడా లిథియమా అన్నది ఇంకా తేలలేదు. ఆయన "నీళ్లు ఎవరు పోస్తారు?" అని అడిగాడు, నేనే పోస్తా అన్నా, నవ్వాడు. బిల్లులో గరిష్ఠ డిమాండ్ 17 ఉంది, ఛార్జింగ్ రాత్రి తొమ్మిది తర్వాతే పెట్టాలని బోర్డు రాయిస్తున్నా. డీజిల్ ఇంకా 12 దగ్గరే ఉంది, రోజూ నేనే నిలబడుతున్నా.